ముందు వణికేది ఏది? తత, సుషిర, అవనద్ధ, ఘన వాద్యాలను గుర్తుపట్టే పద్ధతి



మొన్నటి వీడియోలో గుడి వాద్యాలు ఒక్కొక్కటిగా చూపించి, ఇది తత వాద్యం, ఇది ఘన వాద్యం అని పేర్లు చెప్పుకుంటూ వెళ్లిపోయాను. పేర్లు బట్టీ పడితే రెండు రోజుల్లో మరిచిపోతాం. అసలు ఏ వాద్యం ఏ జాతిదో మనంతట మనం ఎలా తేల్చుకోవాలి, తేల్చుకుంటే మన భజన మండలికి ఏం ఉపయోగం అన్నది ఈ పాఠంలో నిదానంగా చెప్పుకుందాం. ముందుగా నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. ఈ పాఠం నాకు అక్కడే అర్థమైంది.

పలకని పంచమం

మాది చిలకలూరిపేట దాటి ఒంగోలు వెళ్లే దారిలో ఒక పల్లె. చుట్టూ పత్తి, మిరప చేలు. మా రామాలయం హార్మోనియం పెట్టె ఏడాదంతా ఒక రైతు ఇంట్లో ఉంటుంది. ఆ ఇంట్లోనే ఒక మూల పత్తి బోరేలు, ఇంకో మూల మిరపకాయల టిక్కీలు. శ్రీరామనవమి ముందు రోజు పెట్టె తెచ్చి తెరిచాం. అన్ని స్వరాలూ పలుకుతున్నాయి, ఒక్క పంచమం మాత్రం మూగపోయింది. మెట్టు నొక్కితే కొద్దిగా బుస వస్తోంది, అంతే.

హార్మోనియం గాలితో పలికే వాద్యం కదా, కాబట్టి గాలి ఎక్కడో పోతోంది అనుకున్నాను. తిత్తి మడతలన్నీ వెతికాను. అనుమానం వచ్చిన చోటల్లా గుడ్డపట్టీ అంటించాను. సాయంత్రం దాకా అదే పని. పంచమం పలకలేదు.

ఇక లాభం లేదని పెట్టె ఆటోలో వేసుకుని గుంటూరులో హార్మోనియంలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన పెట్టె తెరవకుండానే ఒక ప్రశ్న వేశారు.

"మిగతా స్వరాలు బానే పలుకుతున్నయ్యా, బాబూ?"

"పలుకుతున్నాయండి."

"మరి తిత్తి మీద పడ్డావేంది? తిత్తికి చిల్లి పడితే అన్ని స్వరాలూ నీరసంగా రావాల. ఒక్కటే పోయిందంటే, ఆ ఒక్కదాని నాలిక్కే ఏదో అయింది."

ముందు నా అనుమానం తీర్చారు. మెట్లేవీ నొక్కకుండా తిత్తి నిండా గాలి కొట్టి వదిలేశారు. తిత్తి నెమ్మదిగా తగ్గిందే గానీ కూలిపోలేదు. అంటే గాలి పోవడం లేదు. తర్వాత పైమూత తీసి, రీడ్ల పలక బయటికి లాగారు. ఇక్కడ ఒక మాట. మనం వేలితో నొక్కే వాటిని కూడా కొంతమంది రీడ్లు అంటారు. నేను వాటిని మెట్లు అంటున్నాను. రీడు అంటే లోపల ఉండే ఇత్తడి నాలుక. దాని ఒక కొస బిగించి ఉంటుంది, రెండో కొస సన్నని చీలికలో పైకీ కిందికీ ఆడుతుంది. నాలుకకీ చీలిక అంచుకీ మధ్య వెంట్రుకంత సందు కూడా ఉండదు. మా పంచమం నాలుక పక్కన ఆ సందులో ఒక పత్తి పీచు ఇరుక్కుని ఉంది. ఆయన పల్చటి కాగితం ముక్క కిందికి దూర్చి, నాలుకని కాస్త ఎత్తి వదిలారు. పీచు బయటికొచ్చింది. పంచమం పలికింది. మాది ఒకే వరస రీడ్ల పెట్టె కాబట్టి ఆ స్వరం పూర్తిగా పోయింది. రెండు వరసలున్న పెట్టె అయితే రెండో నాలుక పలికేది, సగం బలంతో వినిపించేది.

నేను రోజంతా తప్పు చోట ఎందుకు వెతికాను? వాద్యాన్ని పలికించేది ఏది, అందులో ముందు వణికేది ఏది అన్న రెండింటినీ ఒకటిగా చూశాను. పలికించేది గాలి. ముందు వణికేది ఇత్తడి నాలుక. ఈ తేడా తెలిస్తే మిగతా పాఠమంతా దానంతటదే వస్తుంది.

పాత నాలుగు గదులు

భరతముని పేరుతో ఉన్న నాట్యశాస్త్రం 28వ అధ్యాయంలో వాద్యాలని నాలుగు రకాలుగా విడదీశారు. తతం అంటే సాగదీసి కట్టినది, అంటే తీగ. అవనద్ధం అంటే కప్పి బిగించినది, అంటే చర్మం. ఘనం అంటే గట్టిది, అంటే కంచు, రాయి, చెక్క లాంటిది. సుషిరం అంటే లోపల బోలుగా ఉన్నది, అంటే గాలి ఆడే గొట్టం. అమరకోశం చదువుకున్నవాళ్లకి ఇవే నాలుగు గుర్తుంటాయి. తతానికి వీణని, సుషిరానికి వెదురు వేణువుని, ఘనానికి కంచు తాళాన్ని అక్కడ ఉదాహరణగా చెప్పారు.

ఈ విభజనలో గమనించాల్సింది ఒకటుంది. వాద్యం ఎలా వాయిస్తారు, దేనితో చేశారు, ఎవరు వాయిస్తారు అన్న ప్రశ్నలు ఇందులో లేవు. శబ్దం ఎక్కడ పుడుతుంది అన్నదొక్కటే ప్రశ్న. అందుకే ఇది మన దేశం దాటి కూడా పనికొచ్చింది. కలకత్తాకి చెందిన శౌరీంద్రమోహన్ ఠాగూర్ పంతొమ్మిదో శతాబ్దంలో మన వాద్యాలు కొన్ని బెల్జియం పంపించారు. బ్రస్సెల్స్ మ్యూజియంలో వాద్యాల జాబితా రాసిన విక్టర్ మహియోన్ అనే ఆయన తన జాబితాని ఇలాంటి నాలుగు తరగతుల మీదే కట్టారు. ఆ జాబితాని ఆధారం చేసుకుని 1914లో హార్న్‌బోస్టెల్, జాక్స్ అనే ఇద్దరు పండితులు ఇంకా వివరంగా ఒక పద్ధతి తయారుచేశారు. ఇవాళ ప్రపంచంలో చాలా మ్యూజియంలు వాద్యాలని సర్దేది ఆ పద్ధతిలోనే.

ముట్టుకుంటే తెలుస్తుంది

ఏ వాద్యంలో ముందు వణికేది ఏదో తెలుసుకోవడానికి పుస్తకం అక్కర్లేదు. వాద్యం మోగుతుండగా ఒక్కో భాగాన్నీ వేలితో ముట్టుకోండి. ఎక్కడ ముట్టుకుంటే శబ్దం చచ్చిపోతుందో, శబ్దం పుట్టేది అక్కడే. దీన్ని మన ప్రాంతం బుర్రకథ మీద చూద్దాం. బుర్రకథ అనగానే మనకి గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు గుర్తొస్తారు. 1986లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆ కళలో ముగ్గురు మనుషులే నాలుగింట మూడు జాతులని వేదిక మీదకి తెస్తారు.

కథకుడి భుజాన తంబుర ఉంటుంది. తీగ మీటి, తీగని వేలితో తాకండి. శబ్దం టక్కున ఆగిపోతుంది. కింద బుర్రని తాకండి, కాస్త మందగిస్తుందే గానీ ఆగదు. కాబట్టి ఇది తత వాద్యం. కథకి పేరు తెచ్చిన బుర్ర చేసే పని వేరే. సన్నటి తీగ ఒంటరిగా ఎంత ఆడినా గాలిని పెద్దగా కదిలించలేదు. గుర్రం మీదుగా ఆ వణుకు బుర్రకి చేరితే, దాని వెడల్పు వల్ల నలుగురికీ వినిపిస్తుంది. బుర్ర పెద్దది చేసేది, పుట్టించేది తీగ.

అదే కథకుడి చేతి వేళ్లకి అందెలు ఉంటాయి. బోలుగా ఉన్న లోహపు కడియాలు, లోపల చిన్న గుండ్లు. ఇక్కడ తీగా లేదు, చర్మమూ లేదు. లోహమే స్వయంగా మోగుతుంది. కాబట్టి ఘన వాద్యం. భజన తాళాలూ అంతే. తాళం చిప్పని దాని తాడు పట్టుకునే ఎందుకు వాయిస్తాం? చిప్ప అంచు వేలికి తగిలితే కంచు గొంతు నొక్కినట్టే కాబట్టి. చిన్నపిల్లల చేతికి ఇస్తే అంచులు గట్టిగా పట్టుకుని వాయిస్తారు, అందుకే వాళ్ల తాళం 'టక్ టక్' అంటుంది, 'ణంగ్' అనదు.

ఇక వంతలిద్దరి దగ్గరా గుమ్మెటలు ఉంటాయి. గుమ్మెట అంటే కుండ లాంటిది, మట్టిదో లోహానిదో. ఒక మూతికి చర్మం కప్పి ఉంటుంది, రెండో మూతి తెరిచి ఉంటుంది. కుండని ముట్టుకుంటే శబ్దంలో పెద్ద మార్పు రాదు. చర్మం మీద అరచెయ్యి పెట్టండి, ఆగిపోతుంది. కాబట్టి అవనద్ధ వాద్యం. వంత ఎడమ చేత్తో తెరిచిన మూతిని మూస్తూ తీస్తూ ఉంటే 'గుమ్' అనే శబ్దం లోతు మారుతుంది. అది లోపలి గాలి చేసే సాయం, తంబురకి బుర్ర చేసిన సాయం లాంటిదే.

నాలుగో జాతి కోసం ఊరేగింపు దగ్గరికి వెళ్దాం. మన ప్రకాశం జిల్లా కరవది గ్రామం నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా గారి జన్మస్థలం. ఆయన 1977లో పద్మశ్రీ అందుకున్నారు, శ్రీరంగంలో స్థిరపడ్డారు. నాదస్వరం మోగుతుండగా గొట్టం చెక్కని రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి, ఏమీ కాదు. చెక్క అక్కడ గోడ మాత్రమే. ఒక రంధ్రం మీద వేలు తీసి చూడండి, స్వరమే మారిపోతుంది. వేలు తీసినప్పుడు మారింది లోపలి గాలి స్తంభం పొడుగు. కాబట్టి సుషిర వాద్యం. శంఖం, వేణువు కూడా అంతే.

"మరి నాదస్వరం పైన పీక ఉంటుంది కదండీ, ముందు వణికేది అదే కదా, హార్మోనియం నాలుకలాగా?" అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. పీక వణుకుతుంది, నిజమే. కానీ అది మెత్తటిది, గొట్టంలోని గాలి ఎంత వేగంగా ఆడమంటే దాదాపు అంత వేగంగా ఆడుతుంది. ఒకే పీకతో అన్ని స్వరాలూ వస్తున్నాయంటే పెత్తనం గాలి స్తంభానిదే. హార్మోనియంలో తిరగేసి ఉంటుంది. అక్కడ స్వరానికో నాలుక. ఏ స్వరం రావాలో ఆ నాలుక పొడుగు, మందమే తేలుస్తాయి. గాలి దాన్ని ఆడించి పోతుంది, అంతే.

చలి, మంచు, ఎండ

జాతి తెలిస్తే ఏం ఉపయోగం అన్నారు కదా. ఏ వాద్యం ఎప్పుడు మొరాయిస్తుందో, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ధనుర్మాసం తెల్లవారుజామున మన పొలాల మీద మంచు దట్టంగా ఉన్నప్పుడు భజన మొదలుపెడతాం. అప్పుడు నాలుగు జాతులూ నాలుగు రకాలుగా ప్రవర్తిస్తాయి.

ముందు చర్మం. అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. తేమ చేరిన చర్మం సాగుతుంది, బరువెక్కుతుంది. బిగువు తగ్గి బరువు పెరిగితే శ్రుతి దిగుతుంది. అందుకే డప్పు వాయించేవాళ్లు ఊరేగింపు కదిలే ముందు వరిగడ్డి మంట వేసి డప్పుని కాస్తారు. తేమ పోయి చర్మం బిగుస్తుంది. అయితే ఎంత కాచాలో చెవికే తెలియాలి. పొగ వచ్చేదాకా కాస్తే చర్మం పెళుసు బారి తర్వాత దెబ్బకి చీలిపోతుంది. మధ్యమధ్యలో వేలితో తట్టి వినాలి. 'దబ్' అనే మెత్తదనం పోయి 'టంగ్' అనే బిగువు రాగానే తీసెయ్యాలి. మృదంగాన్ని మాత్రం ఇలా మంట దగ్గర పెట్టకూడదు. దాని నడుమ నల్లటి కరణి పగిలి రాలిపోతుంది. మృదంగం చర్మంలో స్పష్టమైన స్వరం పలకడానికి ఆ కరణే కారణమని సి.వి. రామన్ గారు 1920లోనే వివరించారు. డప్పుకి కరణి లేదు, అందుకే దాని దెబ్బలో మనకి స్వరం స్పష్టంగా దొరకదు. మృదంగానికి చేసేది ఎండలోనో వెచ్చటి గదిలోనో కాసేపు ఉంచడం, అంచు మీద రాయితో తట్టి వార్లు బిగించుకోవడం.

తీగకి తేమ కన్నా ఎండ బాధ. లోహపు తీగ వేడికి పొడుగు సాగుతుంది, బిగువు తగ్గుతుంది, శ్రుతి దిగుతుంది. చలికి ఎక్కుతుంది. బిగువుకీ శ్రుతికీ లెక్క ఒకటుంది. శ్రుతి కింది షడ్జం నుంచి పై షడ్జానికి వెళ్లాలంటే బిగువు రెండింతలు చాలదు, నాలుగింతలు కావాలి. కింది షడ్జానికి కట్టిన తీగని పై స్థాయికి తిప్పాలని బలవంతం చేస్తే తెగేది అందుకే. పై స్థాయి కావాలంటే సన్నటి తీగ మార్చాలి, బిరడ తిప్పకూడదు.

గాలి స్తంభానికి ఇంకో లెక్క. వెచ్చటి గాలిలో శబ్దం వేగంగా పోతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకి సుమారు 343 మీటర్లు, 32 డిగ్రీల దగ్గర సుమారు 350 మీటర్లు. అదే గొట్టం, అవే రంధ్రాలు, అయినా ఈ తేడాకి శ్రుతి పైకి జరుగుతుంది. ఒక స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ ఉన్న దూరంలో దాదాపు మూడో వంతు. చల్లటి తెల్లవారుజామున నాదస్వరం మొదట్లో కాస్త దిగి పలికి, విద్వాంసుడి ఊపిరితో గొట్టం వెచ్చబడ్డాక పైకి వస్తుంది. కాబట్టి సన్నాయి అందుకోగానే దానికి మిగతావాళ్లు శ్రుతి కలుపుకోవద్దు. కాసేపు ఊదనిచ్చి, తర్వాత కలుపుకోండి. నాదస్వరంలో శాశ్వతమైన సవరణ కావాలంటే అడుగున ఉండే రంధ్రాలని మైనంతో మూస్తారు. అదీ గాలి స్తంభం మీద చెయ్యి పెట్టడమే.

ఘన వాద్యానికి వాతావరణంతో పెద్ద పని లేదు. మంచులోనూ ఎండలోనూ తాళం ఒకేలా మోగుతుంది. అదే దాని ఇబ్బంది కూడా. బిగించడానికి బిరడ లేదు, కాచడానికి చర్మం లేదు. రాగి, తగరం కలిపిన కంచు పోత పోసినప్పుడే దాని స్వరం తేలిపోయింది. కొనేటప్పుడే మన శ్రుతికి సరిపోయేది ఏరుకోవాలి. గంట మోత మునుపటిలా సాగకుండా తొందరగా ఆగిపోతున్నా, 'జిర్' మని చిరుగు శబ్దం వస్తున్నా ఎక్కడో బీట పడిందని అర్థం. మామూలు అతుకుతో ఆ నాదం తిరిగి రావడం కష్టం, చాలాసార్లు కరిగించి మళ్లీ పోయాల్సి వస్తుంది.

హార్మోనియం ఎందుకు చలికీ ఎండకీ పెద్దగా మారదో ఇప్పుడు మీకే తెలుస్తుంది. స్వరాన్ని నడిపేది లోహపు నాలుక కాబట్టి. ఈ ఒక్క విషయంలో అది తాళంలా ప్రవర్తిస్తుంది. సన్నాయికీ హార్మోనియానికీ ఉదయం కలిసిన శ్రుతి మధ్యాహ్నానికి విడిపోతే తప్పు ఎవరిదీ కాదు. ఒకటి గాలి, ఒకటి లోహం.

గదుల్లో సరిగ్గా ఇమడనివి

ఘటం, గుమ్మెట పక్కపక్కన పెడితే రెండూ కుండలే. ఘటానికి చర్మం లేదు, మట్టి గోడే మోగుతుంది, కాబట్టి ఘనం. గుమ్మెటకి చర్మం ఉంది, కాబట్టి అవనద్ధం. చూపుకి ఒక్కటే, జాతి వేరు. కంజీరలో రెండు జాతులు కలిసే ఉన్నాయి. చర్మం ఒకటి, అంచున బిళ్లలు ఒకటి. ప్రధానమైన దాన్ని బట్టి అవనద్ధం అంటాం.

హార్మోనియాన్ని హార్న్‌బోస్టెల్, జాక్స్ గాలి వాద్యాల్లోనే పెట్టారు. నాలుక ఆడుతూ గాలిని ముక్కలు ముక్కలుగా తెంపి వదులుతుంది, మనకి వినిపించేది ఆ గాలి తెంపులే అన్నది వాళ్ల వాదన. నాలుకని ఊరికే గోటితో మీటితే ఎంత చిన్న శబ్దం వస్తుందో వింటే ఆ వాదన ఒప్పుకుంటాం. అందుకే దాన్ని సుషిరం అనడం తప్పు కాదు. కాకపోతే వేణువులాగా గాలి స్తంభం ఉన్న సుషిరం కాదు.

ఇంకా చిక్కైనది ఉత్తరాంధ్ర జముకులకథలోని జముకు. గొట్టం అడుగున చర్మం, చర్మం నడుమ నుంచి ఒక తీగ. తీగని లాగి మీటుతారు. తీగని తాకినా ఆగుతుంది, చర్మాన్ని తాకినా ఆగుతుంది. మన వేలి పరీక్ష ఇక్కడ ఒక జవాబు ఇవ్వదు. 1914 పద్ధతిలో ఇలాంటి వాటిని చర్మ వాద్యాల్లో చేర్చారు. తీగ వాద్యమే అనాలని తర్వాతి పండితుల్లో కొందరు వాదించారు. గదులు మనం కట్టుకున్నవి, జముకు చేసినవాడు వాటిని అడిగి చెయ్యలేదు కదా.

ఈ వారం చెయ్యాల్సింది

మీ గుడిలో భజన అయ్యాక వాద్యాలు సంచుల్లో సర్దే ముందు పది నిమిషాలు ఆగండి. పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టి ఒక్కో వాద్యం మోగించండి, వాళ్లని వేలితో తాకమనండి. ఎక్కడ తాకితే ఆగిందో వాళ్ల చేతే చెప్పించండి. తత, సుషిర, అవనద్ధ, ఘన అన్న పేర్లు ఆ తర్వాత చెప్పండి.

మీ హార్మోనియం మాత్రం పత్తి బోరేల గదిలో పెట్టకండి. మేము ఇప్పుడు మందపాటి గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, గుడి లోపలే ఉంచుతున్నాం. మూడు నవములు గడిచాయి, పంచమం మళ్లీ మూగపోలేదు.

వచ్చే పాఠంలో మళ్లీ కలుద్దాం. శుభం.